ఆలస్యముగా వచ్చు పిల్లవాని యింటికి వ్రాసిన ఉత్తరము



బడి నుండి పిల్లల యిండ్లకు పోవు ఉత్తరములు కొన్ని తలిదండ్రుల కంటె ముందు మీవంటి పెద్దల చేతికి వచ్చును. తండ్రికి అక్షరములు రాకపోవచ్చును. వచ్చినను కూడబలుకుకొని చదువవలసి యుండవచ్చును. అరుగుమీద నలుగురు కూర్చుండి యుండగా మీరు దానిని పైకి చదువుదురు. అందుచేత అట్టి ఉత్తరమొకటి యెట్లు పుట్టినదో, అందులో ఏమి వ్రాసితినో, ఏమి వ్రాయక మానితినో మీకు విన్నవించెదను.

పిల్లవాడు ఏడవ తరగతి వాడు. పేరు చెప్పను. మా బడి ఉదయము 9 గంటలకు మొదలగును. ఆలస్యముగా వచ్చినవారి పేరున కెదురుగా, వారు వచ్చిన వేళను హాజరుపట్టీలో చిన్న అంకెలతో గుర్తించుకొనుట నా కలవాటు. జూలై నెల చివర పట్టీ తిరుగవేయగా, 24 పనిదినములలో 11 దినములు వీడు ఆలస్యముగా వచ్చినట్లు తేలినది. ప్రతిసారియు ఇంచుమించు 25 నిమిషములు.

ఆ సాయంకాలము కోపముతో ఒక ఉత్తరము వ్రాసితిని. మీ కుమారుడు సోమరి యగుచున్నాడనియు, మీరు పట్టించుకొనుట లేదనియు అందులో నుండెను. తేదీలు ఎక్కించుటకు మరల పట్టీ చూడగా ఒక సంగతి కనబడెను. జూన్ నెలలో ఒక్క దినమైనను ఆలస్యము లేదు. జూలైలో కుంభవృష్టి కురిసి దారి యంతయు బురదయైన మూడు దినములును వీడు 9 గంటలకు ముందే వచ్చి యున్నాడు. సోమరి యైనవాడు వానదినమున ముందుగా రాడు గదా! వాన కురిసిన దినమున ఆ యింటిలో ఏదో పని ఆగుచున్నది. అది ఆగినప్పుడే పిల్లవాడు వేళకు వచ్చుచున్నాడు. మా యూర అవి నాట్ల దినములు. వ్రాసిన కాగితమును చించివేసితిని.

మరునాడు మధ్యాహ్న భోజనమైన పిమ్మట వానిని ఒంటరిగా పిలిచితిని. ఆలస్యమేల యని అడుగలేదు. అట్లడిగిన యెడల పిల్లలు తల వంచుకొని నిలుచుందురు, లేదా నోటికి వచ్చిన సాకు చెప్పుదురు. ప్రొద్దున లేచినది మొదలు ఏమేమి చేసితివో వరుసగా చెప్పుమంటిని. అప్పుడు బయటపడెను. తల్లి తెల్లవారుచుండగనే నాట్లకు పోవును. తండ్రి అంతకు ముందే నీరు కట్టుటకు పోవును. మూడేండ్ల చెల్లెలికి అన్నము పెట్టి, ఎత్తుకొని అంగన్‌వాడికి చేర్చి, తలుపు తీయువరకు అక్కడనే కాచుకొని యుండి, తరువాత బడికి పరుగెత్తుకొని వచ్చును. అంగన్‌వాడి తెరచునదియు 9 గంటలకే. అక్కడి నుండి మా బడికి ఇరువది నిమిషముల నడక.

ఈ సంగతిని ఉత్తరములో వ్రాయలేదు. వ్రాసిన యెడల అరుగుమీద నలుగురి యెదుట మీ నోటినుండి ఆ మాట వెలువడును. తల్లి కూలికి పోయి బిడ్డను పిల్లవానికి వదలినదని నలుగురు అనుకొందురు. ఇంటి గుట్టు బయటపెట్టినాడని పిల్లవానికి దెబ్బలు పడును. కావున బడిలో నేను కన్నులార చూచినదే వ్రాసితిని. ఆ యుత్తరమిది:

“మీ దంపతులకు ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. మీ చిరంజీవి జూలై నెలలో 11 దినములు బడికి ఆలస్యముగా వచ్చినాడు. ఆ తేదీలును, వచ్చిన వేళలును ఈ కాగితము వెనుక కలవు. మొత్తముమీద నాలుగున్నర గంటల చదువు పోయినది. అది ఆరు పాఠముల కాలము.

మా తరగతిలో ఉదయము మొదటి పాఠము లెక్కలు. క్రొత్త లెక్క చేయు విధమును మొదటి పావుగంటలో చెప్పి, మిగిలిన కాలము పిల్లలచే చేయింతును. మీవాడు వచ్చునప్పటికి చెప్పుట ముగిసి యుండును. అర ఎకరమునకు మూడవవంతు ఎకరము చేర్చిన ఎంత యని అడుగగా, అయిదింట రెండువంతులని వ్రాసినాడు. అనగా 50 సెంట్లకు 33 సెంట్లు కలిపి, మొత్తము 40 సెంట్లని చెప్పినట్లు! ఇది తెలివి లేక జరిగినది కాదు, పాఠము వినకపోవుటచే జరిగినది. మిగిలిన పాఠములలో చక్కగా నున్నాడు.

వచ్చు సోమవారము మొదలు ఆతడు 9 గంటలకు తరగతిలో నుండవలెను. ఇది నేను వదలుకొనలేని మాట. అందులకు ఇంటిలో ఏదేని చిక్కు ఉన్న యెడల నాతో చెప్పుడు. కలిసి దారి చూతము. శనివారము సాయంకాలము 7 గంటలకు బడి యొద్ద నుందును. మీకు రావీలుకానిచో, మీరు చెప్పిన వేళకు నేనే మీ యింటికి వత్తును. దీనిని గూర్చి పిల్లవానిని దండింపవలదు. ఆతడు నాతో అబద్ధమాడలేదు.”

సాయంకాలము 7 గంటలని పెట్టుటకు కారణము మీకు తెలియును. పొలమునుండి వచ్చి స్నానము చేయువరకు రైతు ఎవ్వరితోను మాటలాడడు. పగలు 11 గంటలకు బడికి రమ్మని వ్రాసిన ఉత్తరము, ఒక దినపు కూలి వదలుకొని రమ్మని వ్రాసినట్లే.

ఇట్టి ఉత్తరము వ్రాయుట ఉపాధ్యాయుని దయ కాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 24వ సెక్షను, తలిదండ్రులను కలిసికొని పిల్లవాడు బడికి క్రమముగా వచ్చుచున్నాడో లేదో తెలుపుటను ఉపాధ్యాయుని విధులలో చేర్చినది. ఉపాధ్యాయుడు తాను వేళకు రావలెనన్న విధి ఆ సెక్షనులో దానికంటె ముందే కలదు. ఆ వరుస నాకు న్యాయముగనే తోచినది. పిల్లవానిని కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను 17వ సెక్షను నిషేధించినది.

శనివారము దంపతు లిద్దరును వచ్చిరి. తండ్రి నాట్లు పదునైదు దినములలో ముగియుననియు, అంతవరకు ఓర్చుకొనుమనియు అడిగెను. ఆ పదునైదు దినములలో భిన్నముల పాఠమంతయు అయిపోవుననియు, నాట్లు ముగిసిన కొలది వారములకే కలుపుతీతలు వచ్చుననియు, అప్పుడును ఇదే మాట వచ్చుననియు చెప్పితిని. ఆయన మారు పలుకలేదు. కొంతసేపటికి తల్లియే నోరు విప్పినది. అంగన్‌వాడి ఆయా ఊడ్చి పొయ్యి వెలిగించుటకు ఎనిమిదిన్నరకే వచ్చుననియు, ఆమెను తాను అడిగి చూతుననియు అనెను. నాకు తోచని ఉపాయము! ఆయా ఒప్పుకొనెను. ఆమె సెలవు పెట్టిన దినమున మాత్రము పిల్లవాడు ఆలస్యమగును. ఆ విషయమున నేను కొంత దిగవలసి వచ్చెను. ఆ దినము పోయిన పాఠమును మధ్యాహ్నపు విరామములో చెప్పుదునని మాట యిచ్చితిని.

లేచిపోవుచు తండ్రి ఒక మాట చెప్పెను. ఉత్తరమును చదివి వినిపించిన పెద్దమనిషి మొదట కాగితమంతయు తనలో చదువుకొని, అరుగుమీది వారిని కాసేపు అవతలికి పొమ్మని, పిమ్మట మెల్లగా ఆయనకు మాత్రము వినిపించెనట. రెండవసారి చదువుమన్నను విసుగుకొనలేదట. వెనుకనున్న తేదీలను కూడ చదివి, ఆ దినములలో ఇంటిలో ఏమి జరిగినదో జ్ఞాపకము చేసికొమ్మనెనట. సెంట్ల లెక్క వినునప్పుడు మాత్రము ఇద్దరును నవ్విరట.

ఆగస్టు నెల పట్టీలో ఆ పిల్లవాని పేరున కెదురుగా రెండు గుర్తులే యున్నవి. రెండును ఆయా సెలవు పెట్టిన దినములు.