బాగున్నాను, బాగానే ఉన్నాను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న చీపురుపల్లి స్టేషన్లో రైలు దిగి ఈ హాలు దాకా వచ్చేసరికి నన్ను ముప్పై మందైనా "బాగున్నావా?" అని అడిగి ఉంటారు. అందరికీ "బాగున్నాను" అనే చెప్పాను. నిజానికి రాత్రంతా మోకాలు సలిపి సరిగ్గా నిద్ర పట్టలేదు. అయితే నేను ముప్పై మందికి అబద్ధం చెప్పినట్టా? ఎన్నో ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి ఈ ఒక్క మాట గురించే ఇవాళ మాట్లాడతాను. దీని వెనక మా ఇంటి కథ కూడా ఒకటి ఉంది. అదీ చెబుతాను.

ముందు మన ప్రశ్నను చూడండి. "బాగున్నావా?" అనే మాటలోనే జవాబు ఉంది. చివరి అక్షరం ఒక్కటి మార్చి తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది. అడిగినవాడే జవాబు కూడా చేతిలో పెడుతున్నాడు. "ఎలాగున్నావు?" అన్నది అలాంటిది కాదు. దానికి జవాబు మనం వెతుక్కోవాలి. మా చిన్నప్పుడు ఈ ఊళ్ళో ఎదురుపడిన వాళ్ళని "ఏటి మావా, బాగున్నావా?" అనేవారు. జ్వరపడి లేచిన మనిషినీ, పురిటి మంచం మీదున్న పిల్లనీ మాత్రం "ఎలాగుంది ఒంట్లో?" అని అడిగేవారు. మొదటిది పలకరింపు, రెండోది ప్రశ్న. ఈ మధ్య ఫోన్లలో "ఎలా ఉన్నారు?" కూడా పలకరింపు అయిపోయింది కాబట్టి మాటను బట్టి పోల్చుకోవడం కష్టమైంది.

పలకరింపు ఉత్తమాట అని నేను అనడం లేదు. 1923లో మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ఇలాంటి మాటల పని సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం కాదనీ, మనిషికీ మనిషికీ మధ్య బంధం నిలబెట్టడమనీ అతను చెప్పాడు. మన వీధిలో "ఎంతవరకు?" అని అడిగితే "ఇలాగే, ఇక్కడిదాకా" అంటాం. అడిగినవాడికి మన గమ్యం తెలియలేదు. అయినా అతనికి ఏ లోటూ లేదు. నన్ను చూశావు, నిన్ను చూశాను, మన మధ్య పేచీలేం లేవు. ఆ మాటకు అర్థం అంతే.

మరి బాగులేనప్పుడు కూడా "బాగున్నాను" అని ఎందుకంటాం? హార్వీ శాక్స్ అనే అమెరికన్ పండితుడు 1975లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ ప్రశ్నే తీసుకున్నాడు. అతని వాదన మన మాటల్లో చెబుతాను. "బాగులేను" అన్నామనుకోండి, ఎదుటివాడు "ఏం, ఏమైంది?" అని అడిగి తీరాలి. అడిగాక మనం చెప్పి తీరాలి. కానీ ప్రతి కష్టమూ ప్రతి మనిషికీ చెప్పేది కాదు. ఇంట్లో గొడవ దుకాణం దగ్గర కలిసినవాడితో చెప్పుకుంటామా? అందుకని ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాం. భోజనం వేళకి వెళ్తే "తిన్నావా?" అంటారు. తినకపోయినా "అయిందండీ" అంటాం. లేదంటే ఆ ఇల్లాలు మళ్ళీ పొయ్యి వెలిగించాలి కదా. మన జవాబు ఎదుటివాళ్ళ మీద ఎంత బరువు పెడుతుందో చూసుకుని చెబుతాం. అది మోసం కాదు, మర్యాద.

ఈ రెండు పనులకీ రెండు చోట్లు ఉంటాయని బళ్ళో మనకు ఉత్తరం రాయడం నేర్పినప్పుడే నేర్పారు. గుర్తుందా? ముందు "ఉభయకుశలోపరి", తరవాత "ఇక్కడ మేమంతా క్షేమం, మీరంతా క్షేమమని తలుస్తాను". ఆ తరవాత కొత్త వరుసలో "ముఖ్యంగా వ్రాయునది ఏమనగా". అందరూ క్షేమమని రాసిన చేత్తోనే కింద "నాన్నగారికి పది రోజులుగా జ్వరం" అని రాసేవాళ్ళం. రాసినవాడికీ చదివినవాడికీ అందులో వైరుధ్యం కనిపించేది కాదు. పై వాక్యం పలకరింపు. కబురు కింద ఉంటుందని అందరికీ తెలుసు. ఇన్లాండు కవరు విప్పగానే పెద్దవాళ్ళ కళ్ళు తిన్నగా "ఏమనగా" దగ్గరికి వెళ్ళేవి.

ఫోను వచ్చాక పై వాక్యం మిగిలింది, కింది వాక్యం పోయింది. మా ఇంట్లో జరిగింది అదే.

నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న రోజులు. అమ్మ ఇక్కడే ఉండేది. చక్కెర వ్యాధి ఉండేది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేసేవాణ్ణి. మా మాటలు ఇలా ఉండేవి.

"బాగున్నావా అమ్మా?"

"బాగున్నాన్రా. నువ్వు బాగున్నావా? పిల్లలు తిన్నారేటి?"

తరవాత వానలు, పెళ్ళిళ్ళు, ఎవరింట్లో ఎవరు వచ్చారు. అయిదు నిమిషాలు. ఒక ఆదివారం ఆమె జవాబు కొంచెం మారింది.

"ఆ... బాగానే ఉన్నాన్రా. పిల్లలు తిన్నారేటి?"

మళ్ళీ వారం కూడా అదే "బాగానే". ఒకసారి "ఏం, ఒంట్లో బాగులేదా?" అన్నాను. "కాలికి చెప్పు ఒరుసుకుందిరా, అంతే" అంది. "నొప్పిగా ఉందా?" అన్నాను. "నొప్పేటీ నేదు" అంది. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. రెండు నెలలు గడిచాయి. రాజాం నుంచి మా అప్ప వచ్చి, పక్కబట్ట మీద మరక చూసి, కాలు చూపించమంది. బొటనవేలి కింద పుండు లోపలికి దిగిపోయింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. వేలు తీసేయవలసి వచ్చింది.

చాలా కాలం నేను అమ్మ మీద కోపంగా ఉన్నాను, దాచిపెట్టిందని. తరవాత ఆ సంభాషణలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటే తెలిసింది, ఆమె దాచలేదు. నేనే వినలేదు.

మొదటిది ఆ "బాగానే". "బాగున్నాను" అంటే మాట అక్కడితో పూర్తయింది. "బాగానే ఉన్నాను" అంటే వెనకాల ఒక "గానీ" వేలాడుతోంది. తెలుగులో ఆ చిన్న "ఏ" అక్షరం అంత పని చేస్తుంది. "ఏదో ఉన్నాం", "నడుస్తోంది", "పర్వాలేదు" అన్నవి కూడా ఇలాంటివే కావచ్చు. గెయిల్ జెఫర్సన్ అనే ఆవిడ రికార్డు చేసిన సంభాషణలు పరిశీలించి 1980లో ఒక వ్యాసం రాసింది. కష్టంలో ఉన్న మనిషిని పలకరిస్తే తరచుగా ఒక మెట్టు తగ్గించి జవాబు చెబుతాడు, కానీ కష్టం వెంటనే బయట పెట్టడు అని గమనించింది. తలుపు ఓరగా తీసి నిలబడతాడన్న మాట. తోసుకుని లోపలికి వెళ్ళాలో, తిరిగి వెళ్ళిపోవాలో మన ఇష్టానికి వదిలేస్తాడు.

రెండోది, ఆమె వెంటనే నా మీదకి తిప్పిన ప్రశ్న. "పిల్లలు తిన్నారేటి?" అనగానే నేను పిల్లల గురించి మొదలుపెట్టేవాణ్ణి. పలకరింపులో ప్రశ్న తిరిగి రావడం రివాజు. నిజంగా అడిగినప్పుడు ఆ రివాజు పాటించనక్కర్లేదు. "పిల్లల సంగతి తరవాత చెబుతాను, ముందు నీ కాలు సంగతి చెప్పు" అనవలసింది.

మూడోది అన్నిటికంటే పెద్ద తప్పు. నేను తప్పు ప్రశ్న అడిగాను. చక్కెర వ్యాధి ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. పుండు పడినా నొప్పి తెలియదు. "నొప్పేటీ నేదు" అన్నది అక్షరాలా నిజం. ఆ నిజమే ప్రమాదం. "పుండు మానిందా? తడిగా ఉందా, ఎండిందా? నిన్న కట్టు ఎవరు కట్టారు?" అని అడిగి ఉంటే జవాబు వేరేగా వచ్చేది. "ఎలా ఉంది" అనడిగితే మనిషి తన ఓపికను బట్టి జవాబు చెబుతాడు. కంటికి కనిపించేదాని గురించి అడిగితే చూసి చెబుతాడు.

డాక్టరు గదిలో కూడా ఇదే జరగడం చూశాను. "ఎలా ఉన్నారమ్మా?" అని ఆయన కాగితం చూస్తూ అడుగుతారు. "బాగున్నానండి" అంటుంది రోగి. ఆమె దాన్ని పలకరింపు అనుకుంది, ఆయన జవాబు అనుకున్నారు. అందుకని ఇప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్తే, చెప్పవలసిన మూడు విషయాలు చీటీ మీద రాసి వాళ్ళ చేతికే ఇస్తాను. మన పాత ఉత్తరంలోని "ముఖ్యంగా వ్రాయునది" అదే.

అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. "పర్వాలేదు" అన్న ప్రతివాడూ కష్టంలో ఉన్నాడనుకోకండి. దిష్టి తగులుతుందని "చాలా బాగున్నాం" అనడానికి జంకేవాళ్ళు మన వైపు చాలామంది. కొందరికి అది జీవితాంతం ఒకటే జవాబు. చూడవలసింది మాటను కాదు, మార్పును. ఎప్పుడూ "బాగున్నాను" అనే మనిషి ఇవాళ "బాగానే" అన్నాడంటే ఆగాలి. ఆ మనిషి మామూలు జవాబు తెలియాలంటే మామూలు రోజుల్లో పలకరించి ఉండాలి. పలకరింపు వల్ల ఇంకో లాభం అది.

రెండోది, నిజంగా అడగడానికి చోటు కావాలి. నలుగురి మధ్య "అబ్బాయికి ఉద్యోగం వచ్చిందా? అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందేం?" అని అడగడం ఆరా. అది పరామర్శ కాదు. ఎదుటి మనిషి "బాగున్నాం" అని తలుపు వేస్తే దాన్ని గౌరవించాలి. పక్కకి పిలిచి, కూర్చోబెట్టి, అడిగాక నోరు మూసుకుని కాసేపు ఊరుకోవాలి. చివరిదే కష్టం. జవాబు రాకపోతే మనమే ఏదో మాట అందించి వాళ్ళని తప్పించేస్తాం.

వేలు తీసేశాక అమ్మ మరి ఆరేళ్ళు బతికింది. ఆదివారం ఫోన్లో ముందు "బాగున్నావా?" అనే అడిగేవాణ్ణి, అది మానలేదు. ఆమె "బాగున్నాను" అనేది. పిల్లలు, వానలు, పెళ్ళిళ్ళు అయ్యాక, "ఇప్పుడు కాళ్ళు రెండూ చూసుకుని చెప్పు" అనేవాణ్ణి. ఫోను పక్కన పెట్టి, అద్దం తెచ్చుకుని, పాదాల కింద చూసుకుని వచ్చి చెప్పేది. ఆ రెండు నిమిషాల నిశ్శబ్దానికి కూడా ఫోను బిల్లు పడేది. ఆ డబ్బు గురించి ఎప్పుడూ నన్ను తిట్టేది.

ఇంక భోజనాల వేళయింది. మనలో కొందరం చాలా ఏళ్ళకి కలుసుకున్నాం. బయట బంతిలో అందరూ "బాగున్నావా?" అంటారు, అందరం "బాగున్నాం" అందాం. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కుర్చీలు వేస్తామన్నారు. అక్కడ ఎవరైనా నా మోకాలి సంగతి అడిగితే నిజం చెబుతాను. మీ సంగతి వినడానికీ కూర్చుంటాను. సాయంత్రం బండి దాకా నాకు వేరే పని లేదు.

సెలవు.