అరవై ఒకటి అని వ్రాసిన ఉత్తరం

(కంటి నిధికి చందాలిచ్చిన సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



2023 నవంబరులో మీ చందాలతో మనం జరిపిన కంటి శిబిరమును గూర్చి రెండు నెలల తరువాత మీకొక ఉత్తరం వ్రాశాను. అందులో "61 మందికి చూపు వచ్చింది" అని ఉన్నది. ఆ మాట తప్పు. మన సంఘంలోని ఒక రిటైరైన మాస్టారు ఆ ఉత్తరం పట్టుకొని మా యింటికి వచ్చి, "అయ్యగారూ, చూపు వచ్చిందని ఎవరు చూశారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెదకడానికే ఆసుపత్రి రిజిస్టరు తెప్పించి, మొదటి నుండి లెక్క వేశాము. అదే ఈరోజు మీకు ఒప్పజెప్పుతున్నాను.

శిబిరంలో 142 మందిని పరీక్షించారు. శుక్లాలు ముదిరి ఆపరేషను అవసరమని వ్రాసినవారు 61 మంది. నేను ఉత్తరంలో వ్రాసిన అంకె ఇదే. అనగా చీటీ ఇచ్చినవారిని చూపు వచ్చినవారిగా లెక్కించాను. బస్సు బయలుదేరే ఉదయం 5 గురు రాలేదు. ఆసుపత్రిలో మరి 9 మందిని షుగరు, రక్తపోటు అదుపులో లేవని తిప్పి పంపారు. అది సరియైన పనే. షుగరు ఎక్కువగా ఉన్నప్పుడు కన్ను కోస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. చివరకు ఆపరేషను జరిగినది 47 మందికి.

ఆరు వారాల తరువాత పరీక్షకు వచ్చినవారు 38 మంది. వారిలో 31 మందికి 6/18 గాని అంతకంటె మంచిది గాని చూపు ఉన్నది. మంచి కన్ను 18 మీటర్ల నుండి చదివే అక్షరాన్ని వీరు 6 మీటర్ల నుండి చదవగలరన్నమాట. 5 గురికి నడిమి చూపు. ఇద్దరికి మేలు కలుగలేదు. ఒకరికి కంటి వెనుక నరము ముందే చెడి ఉన్నది, రెండవ వారి కారణం డాక్టరు గారు ఇంకా చూస్తున్నారు.

ఇక్కడ నాకు మళ్ళీ శోధన కలిగింది. 38 మందిలో 31 అంటే నూటికి 82. ప్రపంచ ఆరోగ్య సంస్థ నూటికి 80 మందికైనా ఇటువంటి చూపు రావాలని గురి పెట్టింది గనుక, మనం గట్టెక్కినట్లే కనబడుతుంది. కాని మీరు డబ్బిచ్చినది 47 మందికి. వారిలో 31 అంటే నూటికి 66 మాత్రమే. రాని 9 మంది బాగున్నందున రాలేదో, బాగాలేక విసిగి రాలేదో కూర్చున్నచోట తెలియదు.

ఖర్చు కూడా చెప్పాలి. ఒక ఆపరేషనుకు 1,800 రూపాయలని మిమ్మును అడిగాము. ఆసుపత్రికి కట్టినది 84,600. బస్సు, భోజనాలు, శిబిరం ఖర్చులు మరి 32,900. మొత్తం 1,17,500. అనగా తలకు 2,500 పడింది. ఇకమీదట ఈ అంకెనే చెప్పి అడుగుతాము.

ఇప్పుడు ఒక అవ్వ సంగతి. ఆమె మిరపకాయల కళ్ళంలో తాలుకాయలు ఏరే కూలి. రంగు పోయిన కాయను మంచి కాయలో కలిపేస్తున్నదని రెండేండ్ల క్రితం పని మాన్పించారు. ఆపరేషను తరువాత ఆమెకు 6/12 చూపు వచ్చింది. పై 31 మందిలో ఆమె ఉన్నది. మాస్టారు, నేను ఆమె యింటికి వెళ్ళితే, "దూరాన మనిషిని పోలుస్తాను గానయ్యా, చేతిలో కాయ మసకే" అన్నది. మళ్ళీ పనికి పోలేదట.

డాక్టరు గారిని అడిగితే తప్పెవరిదో తేలింది. కంటిలో పెట్టే కటకాన్ని సాధారణంగా దూరపు చూపుకు సరిపోయేటట్లు లెక్కగట్టి పెడతారు. అది సొంత కటకంలా దగ్గరకూ దూరానికీ సర్దుకోదు. దగ్గర పనికి వేరే అద్దాలు కావాలి. వాటిని మన పద్దులో వ్రాసుకోనే లేదు. గోడమీది అక్షరాల పట్టిక చేతిలోని మిరపకాయను గూర్చి ఏమీ చెప్పదు. అద్దాలు ఇప్పించిన తరువాతి వారం అవ్వ కళ్ళానికి వెళ్ళింది. పేరు వ్రాయవద్దనీ, ఫొటో అసలే వద్దనీ అన్నది గనుక, మీ చేతిలోని కాగితంలో అవి లేవు. ఇప్పుడు శిబిరం చీటీలో "ఏమి పని చేస్తారు?" అనే గడి చేర్చాము.

రాని 9 మంది కోసం మాస్టారు మోటారు సైకిలు వెనుక నన్నెక్కించుకొని నాలుగు ఆదివారాల సాయంత్రాలు తిప్పారు. ఆరు ఇండ్లు దొరికాయి. నలుగురు బాగానే చూస్తున్నామన్నారు, కాని పట్టికతో కొలవలేదు గనుక ఆ 31తో కలపలేదు. ఒకరికి కటకం వెనుక పొర మసకబారింది. అది లేజరుతో కొద్ది నిమిషాలలో తీసే పని, తీయించాము. ఒకరు వేరే జబ్బుతో కన్నుమూశారు. మిగిలిన ముగ్గురు కూలికి వలస పోయారు. ఈస్టరుకు వస్తారని ఇరుగుపొరుగు చెప్పారు.

మళ్ళీ వెళ్ళాలి.