మాత్రల పట్టీ ఫొటో: మనము చూడవలసినవి



మొన్న ఊరినుండి మా అమ్మగారు మాత్రల పట్టీ ఫొటో పంపి, “ఇది ఎప్పుడు వేసుకోవాలిరా?” అని అడిగించారు. చదివి చూచాము: మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా., ప్రక్కన ఎస్.ఆర్. చక్కెర వ్యాధి మందు. పూట సంగతి మాత్రం ‘వైద్యుడు చెప్పినట్లు’ అనే ఉన్నది. పూట తెలిపేది డాక్టరుగారి చీటీయే. దాని ఫొటో కూడా తెప్పించాము: రాత్రి భోజనంతో ఒకటి.

గడువు తేదీ కనబడలేదు. అది పట్టీ కొసన అచ్చవుతుంది. దుకాణంలో ఆ కొస కత్తిరించి వేరొకరికిచ్చారు. బిల్లుమీద వెదికితే బ్యాచి నంబరుతోపాటు 06/2027 దొరికింది. అంటే ఆ జూన్ నెలాఖరు వరకు. ఇంట్లో తేదీ ఉన్న ముక్కను చివరగా వాడాలి. రేకు మెరిస్తే అక్షరాలు పడవు. కిటికీ దగ్గర కొంచెం వాల్చి ఫొటో తీయాలి.

‘తేమ తగలకుండా, 30 డిగ్రీలు మించని చోట’ అని ఉన్నది. అమ్మగారు పొయ్యి పైగూట్లో ఉంచారు, తీయించాము.

మందుల షాపులో రెండు అడిగాము. నలిపి ఇవ్వవచ్చునా? కూడదు, మెల్లగా కరిగే మందు ఒక్కసారే దిగుతుంది. ఒక పూట మరచిపోతే? మరుపూట రెండు కలిపి వేయరాదు.

పట్టీ, చీటీ, బిల్లు — మూడూ కలిపి ఫొటో తీయించండి.