రెండంగుళాల తాడు: చిన్ని కృష్ణుడి అల్లరి మీద పాట రాద్దామా?

ఈరోజు ఎపిసోడ్‌లో మనం ఒక పాట రాయబోతున్నాం. చిన్ని కృష్ణుడి అల్లరి మీద భక్తి పాట. వింటే నవ్వు రావాలి, కథ కూడా తెలియాలి, చివరికొచ్చేసరికి చెయ్యి దానంతట అదే జోడించుకోవాలి. పెన్ను, పేపర్ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో నోట్స్ అయినా ఓకే.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. కొన్నేళ్ల క్రితం కృష్ణాష్టమికి మా వీధి పిల్లల కోసం ఒక పాట రాశాను. వెన్న దొంగతనం, మన్ను తినడం, దూడల్ని విప్పేయడం, గోపికల చీరలు, కాళింగుడు... ఏదీ వదల్లేదు. పిల్లలు మొదటి చరణం వరకు విన్నారు, తర్వాత ఉట్టి వైపు చూడటం మొదలుపెట్టారు. పాట అయ్యాక మా అమ్మమ్మ ఒకే మాట అంది. "బాగుంది గానీ రా, ఇందులో వాళ్ళమ్మ ఏదీ?"

నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నేను రాసింది పాట కాదు, అల్లరి పనుల లిస్టు. అల్లరి అంటే ఒక్కడు చేసేది కాదు కదండీ! కోప్పడేవాళ్ళు ఎదురుగా ఉంటేనే అది అల్లరి. తల్లి లేకపోతే నవ్వు లేదు, భక్తీ లేదు.

అందుకే మొదటి రూలు: ఒక పాటకు ఒకటే అల్లరి. ఈరోజు మనం తీసుకునేది యశోదమ్మ కృష్ణుణ్ణి రోటికి కట్టిన కథ. భాగవతం దశమ స్కంధంలో ఉంది. మన పోతన గారి తెలుగు భాగవతంలోనూ ఉంది. కథ క్లుప్తంగా చెప్తాను.

యశోద పెరుగు చిలుకుతోంది. పిల్లాడు వచ్చి పాలిమ్మని కవ్వం పట్టుకున్నాడు. ఆమె ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. వాణ్ణి దింపేసి పరిగెత్తింది. వాడికి కోపం వచ్చింది. రాయి పెట్టి కుండ పగలగొట్టాడు, దొంగ ఏడుపు ఏడ్చాడు, లోపలికెళ్ళి వెన్న తిన్నాడు. బోర్లించిన రోలెక్కి కోతికి కూడా పెట్టాడు! అమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. వాడు పరుగు, వెనక అమ్మ పరుగు. చివరికి దొరికాడు. రోటికి కట్టబోతే తాడు రెండంగుళాలు తక్కువైంది. ఇంకో తాడు ముడేసింది. మళ్ళీ రెండంగుళాలే తక్కువ. ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ తెచ్చినా అంతే. చూస్తున్న గోపికలు నవ్వుతున్నారు. అమ్మకు చెమట పట్టింది, జడలో పూలు జారిపోయాయి. అది చూసి పిల్లాడికే జాలేసి, తనే కట్టించుకున్నాడు. దామోదరుడు అనే పేరు ఇక్కడిదే. దామం అంటే తాడు, ఉదరం అంటే పొట్ట.

ఇప్పుడు చెప్పండి, ఇందులో పాట ఎక్కడ దాక్కుంది? ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోందో అక్కడ. "రెండంగుళాలు తక్కువ." పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఇలాంటి మాట ఒకటి దొరికితే చాలు, మూడోసారికి వాళ్ళే మనకంటే ముందు అనేస్తారు. అదే మన పల్లవి.

సరే, ఇప్పుడు దరువు. చప్పట్లు కొడుతూ "తకధిమి తకధిమి" అనండి. ఒక్కో "తకధిమి"లో నాలుగు మాత్రలు. లైనుకు నాలుగు చప్పట్లు, అంటే పదహారు మాత్రలు. లెక్క చాలా సింపుల్. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘం ఉంటే రెండు. పక్కన సున్నా ఉన్నా, తర్వాత వచ్చేది ఒత్తక్షరం అయినా రెండు. అంతే.

నేను మొదట ఇలా రాసుకున్నాను: "తాడు రెండంగుళాలు తక్కువైంది". చప్పట్లతో అని చూడండి. "తాడు" మూడు మాత్రలు. తర్వాత "రెం" రెండు మాత్రలు. నాలుగో మాత్ర దగ్గర మొదలై తర్వాతి చప్పట్లోకి జారిపోయింది. నోరు తడబడుతుంది కదా? అర్థం కరెక్టే, కానీ నడక కుంటుతోంది. మాటల వరుస మార్చాను.

రెండంగుళములు చాలదు తాడు

రెం-డం, నాలుగు. గు-ళ-ము-లు, నాలుగు. చా-ల-దు, నాలుగు. తా-డు, మూడు. చివర ఒక మాత్ర ఖాళీ. ఆ ఖాళీ కావాలనే వదిలాను. ఊపిరి తీసుకోవడానికి చోటు కావాలి. గుంపుగా పాడేవాళ్ళకు మరీ కావాలి. "అంగుళాలు" అన్నా లెక్క అంతే, కానీ "తకధిమి"లా నాలుగు పొట్టి అక్షరాల నడక కోసం "అంగుళములు" అన్నాను. పాటలో ఆ మాత్రం పాత వాసన పర్లేదు.

రెండో లైను మొదట "గుండెల నిండా నవ్వే వాడు" అని రాశాను. లెక్క సరిపోయింది. "రెండం", "గుండె" అని రెండో అక్షరం కలిసింది, అంటే ప్రాస కుదిరింది. అయినా కొట్టేశాను. ఎందుకంటే ఆ మాట ఏ పాటలోనైనా పెట్టొచ్చు. మన పిల్లాడు ఎప్పుడు నవ్వుతున్నాడు? శిక్ష పడుతుంటే నవ్వుతున్నాడు! అల్లరంతా అందులోనే ఉంది.

రెండంగుళములు చాలదు తాడు
దండిస్తుంటే నవ్వే వాడు

ప్రాస అలాగే ఉంది, తాడు-వాడు కలిసింది, మనకు పిల్లాడి మొహం కూడా కనిపించింది.

మొదటి చరణం పని ఒక్కటే, గొడవ ఎలా మొదలైందో చెప్పడం.

చల్ల చిలికితే చెంగున దూకి
నల్లని చేతులు కవ్వం పట్టె
పాలే పొంగగ పరుగున అమ్మ
రాయితొ కొట్టగ ముక్కలు కుండ

గమనించారా, కోతిని వదిలేశాను. నిజం చెప్పాలంటే కోతి అంటే నాకు చాలా ఇష్టం. కానీ అది వస్తే రోలెక్కడం చెప్పాలి, వెన్న చెప్పాలి, పరుగు చెప్పాలి. తాడు దగ్గరికి వెళ్ళేసరికి వినేవాళ్ళు అలిసిపోతారు. కోతికి ఇంకో పాట రాద్దాం.

రెండో చరణం తాళ్ళది. ఇక్కడ ఒక్కో లైను తర్వాత పల్లవి మొదటి లైను రావాలి. కథలో "ఇంట్లో తాళ్ళన్నీ" అని ఉంది. పాటలో "అన్నీ" అంటే కంటికి ఏమీ కనిపించదు. అందుకని మన ఇళ్ళల్లో తాళ్ళకు ఉన్న పేర్లు పెట్టాను. కవ్వానికి ఉండేది చిన్న తాడు. పశువును కట్టేది పలుపు. బావిలో నీళ్ళు తోడేది చేంతాడు. చిన్నది నుంచి పెద్దదానికి వెళ్ళాలి, అప్పుడే నవ్వు పెరుగుతుంది.

రోటికి కట్టగ కవ్వపు తాడు
రెండంగుళములు చాలదు తాడు
పలుపులు రెండూ కలిపినదమ్మ
రెండంగుళములు చాలదు తాడు
చేంతాడంతా చుట్టినదమ్మ
రెండంగుళములు చాలదు తాడు

చేంతాడు ఎంత పొడుగుంటుందో తెలిసినవాళ్ళకు ఆ లైను దగ్గర నవ్వు ఆగదు. తెలియని పిల్లలకు పాడేముందు ఒక్క మాట చెప్పండి, చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నవ్వు ఎవరి మీద? అమ్మ మీద అయితే పాట చెడిపోతుంది. ఒక డ్రాఫ్ట్‌లో నేను "వెర్రి యశోద" అని రాశాను. చదువుకుంటే నాకే చివుక్కుమంది. పొద్దున్నుంచి చాకిరీ చేసి, పిల్లాడి వెంట పరిగెత్తి అలిసిపోయిన మనిషి ఆవిడ. నవ్వు తాడు మీద ఉండాలి. లోకాలన్నీ కడుపులో దాచుకున్నవాణ్ణి కట్టడానికి తాడు సరిపోకపోవడం, అదీ రెండే రెండంగుళాలు సరిపోకపోవడం, అదే జోకు. కానీ "లోకాలన్నీ కడుపులో" అన్న మాట పాటలో ఎక్కడా పెట్టలేదు, చూడండి. జోకును విడమరిచి చెప్తే అది జోకు కాదు. ఆ రెండంగుళాల్లో ఒకటి మన ప్రయత్నం, రెండోది దేవుడి దయ అని పెద్దలు అర్థం చెప్తారు. చాలా అందమైన మాట. కానీ అది పాట అయ్యాక చెప్పుకునే మాట, పాటలో దూర్చే మాట కాదు.

ఇక చివరి చరణం. నేను పాత పాటలో వదిలేసిన అమ్మ ఇక్కడ వస్తుంది.

చెమ్మట పట్టెను, జారెను పూలు
అమ్మను చూడగ ఆగెను నవ్వు
తానే చిన్నగ అయ్యెను వాడు
రెండంగుళములు మిగిలెను తాడు

పల్లవి లైనులో ఒక్క మాటే మార్చాను. "చాలదు" పోయి "మిగిలెను" వచ్చింది. తాడు మిగిలిందని భాగవతంలో లేదు, అది నా ఊహ. కట్టించుకున్నాడు అనే అక్కడ ఉంది. కథ మార్చనంత వరకు ఇంత చనువు పాటలో తీసుకోవచ్చు. "దయతో కరిగెను దేవుడు" అని కూడా ముగించొచ్చు. కానీ అప్పుడు మనం చెప్పేసినట్టు ఉంటుంది. తాడు మిగిలింది అంటే వినేవాళ్ళే కనుక్కుంటారు, వీడు అమ్మ కోసం తగ్గాడని. పాడేటప్పుడు "ఆగెను నవ్వు" దగ్గర చప్పట్లు ఆపేయండి. చివరి లైను మెల్లగా, చప్పట్లు లేకుండా పాడండి.

పాట కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసే టెస్టు ఒకటుంది. ట్యూన్ లేకుండా, ఒట్టి చప్పట్లతో ఒక పిల్లాడికి చెప్పండి. రెండో తాడు దగ్గర "రెండంగుళములు..." అని మీరు ఆగితే వాడు పూర్తి చెయ్యాలి. చెయ్యకపోతే పల్లవి బరువుగా ఉందని అర్థం. చివర్లో అలవాటు కొద్దీ వాడు "చాలదు" అనేసి, మీరు "మిగిలెను" అంటే ఒక్క క్షణం మీ మొహంలోకి చూడాలి. చూశాడంటే పాట అయిపోయినట్టే.

ఈ పాటను పోయిన కృష్ణాష్టమికి పిల్లలతో పాడించాను. చేంతాడు దగ్గర గోల గోల చేశారు. చివరి లైనుకు ఒక చిన్నది "ఎందుకు మిగిలింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న మా అమ్మమ్మ చెప్పింది. "వాళ్ళమ్మ అలిసిపోయింది కదమ్మా, అందుకు."

ఇవాల్టికి ఇంతేనండీ. కోతి ఇంకా అలాగే ఉంది, ఎవరైనా పాట రాస్తారేమో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.