లీవ్‌కి ముందు రాసే నోట్‌లో “ఇంకా” అనే మాట



ఉద్యోగంలో ఉన్నప్పుడు అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం ఆరు వారాలు లీవ్ పెట్టాను. హ్యాండోవర్ నోట్‌లో ఇలా రాశాను: “బ్యాకప్ డిస్క్ పెంచమని మూడుసార్లు చెప్పినా ఇంకా పెంచలేదు. ఎప్పుడైనా నిండిపోవచ్చు.”

నా పని తీసుకోబోయే అన్న చదివి, “కోపం తెలుస్తా ఉంది గానీ, నేనేం చేయాలో తెలీలేదబ్బా” అన్నాడు. నిజమే. ‘చెప్పినా’, ‘ఇంకా’ తీసేసి చూస్తే అందులో పనికొచ్చే సంగతి ఒక్కటీ మిగల్లేదు. కూర్చుని మళ్ళీ రాశాను:

“బ్యాకప్ రోజూ రాత్రి 2 గంటలకు నడుస్తుంది. డిస్క్ ఇప్పుడు 84 శాతం నిండింది, వారానికి సుమారు 3 శాతం పెరుగుతోంది. ఇలాగే పోతే ఆరో వారంలో నిండుతుంది, ఆ రాత్రి బ్యాకప్ ఆగిపోతుంది. దయచేసి ప్రతి సోమవారం ఇది చూడండి:

```
df -h /backup
```

90 దాటితే 30 రోజుల కంటే పాత ఫైళ్ళను ఆర్కైవ్ సర్వర్‌కి మార్చండి. డిస్క్ పెంచే రిక్వెస్ట్ ఇన్‌ఫ్రా టీమ్ దగ్గర ఉంది, టికెట్ లింక్ కింద ఇచ్చాను.”

గమనించండి, మర్యాద కోసం ప్రమాదాన్ని దాచలేదు. ఆలస్యం గురించి నా బాధ మాత్రం మేనేజర్‌తో విడిగా మాట్లాడాను. ఎందుకంటే నోట్ చదివేది దాన్ని సరిచేయగలిగిన మనిషి కాదు.

మూడో సోమవారం 91 చూపించిందంట. అన్న ఫైళ్ళు మార్చేశాడు, నాకు ఫోన్ రాలేదు.

పంపే ముందు ఒక్కటి చూసుకోండి: ఆ నోట్‌ని ఇన్‌ఫ్రా టీమ్ ముందు గట్టిగా చదవగలరా? గొంతు తడబడిన చోటే నింద దాక్కుని ఉంటుంది.