ఉన్నత విద్యకై ఆసుపత్రి విడిచే నర్సు: రాజీనామా లేఖ, నోటీసు గడువు
(ఆసుపత్రి ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పై చదువుకు సీటు వచ్చిన నర్సు సంతోషంతో మొట్టమొదట చేసే పని రాజీనామా వ్రాయటం. తొందరపాటు జరిగేది కూడా అక్కడే. రెండు వాక్యాల కాగితమే గదా అనుకుంటాం. కాని ఆ రెండు వాక్యాలలో ఒక తేదీ తప్పినా జీతంలో కోత పడవచ్చు, అనుభవ పత్రం ఆగిపోవచ్చు, వార్డులో రోగికి మందు తప్పవచ్చు. అందుచేత ఒక ఉదాహరణను చేతబట్టుకొని ఈ విషయాన్ని మొదటి నుండి చివరి వరకు పరిశీలిద్దాం.

ఉదాహరణకు ఉసూర్‌ను ఎన్నుకున్నాం. బస్తర్ ప్రాంతంలో, 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న చోటు అది. అక్కడి ఆసుపత్రిలో బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన ఒక సోదరి నాలుగేళ్లుగా కాంట్రాక్టుపై పనిచేస్తున్నదనీ, ఆమెకు ఎమ్.ఎస్సీ. నర్సింగ్‌లో సీటు వచ్చిందనీ, తరగతులు అక్టోబరులో మొదలవుతాయనీ అనుకుందాం.

ముందుగా ఒక హెచ్చరిక. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి గనుక రాజీనామా తప్ప దారి లేదు. పర్మనెంటు ఉద్యోగి అయితే మాత్రం రాజీనామా ఆఖరి మాట కావలె. కేంద్ర పెన్షన్ నిబంధనల ప్రకారం రాజీనామా చేసిన వారి గత సేవ యావత్తూ రద్దవుతుంది. సరియైన అనుమతితో మరొక ప్రభుత్వోద్యోగానికి వెళ్లేవారికే మినహాయింపు. చదువుకు వెళ్లేవారికి లేదు. ఇరవై ఏళ్లు సేవ చేసినవారైనా సరే, రాజీనామా చేస్తే ఆ సేవ పెన్షన్‌కు లెక్కకు రాదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. కేంద్ర సెలవు నిబంధనలలో అయిదేళ్ల సేవ నిండినవారికి ఇరవై నాలుగు నెలల వరకు విద్యా సెలవు ఉన్నది. ఎమ్.ఎస్సీ. నర్సింగ్ రెండేళ్ల చదువే. రాష్ట్రోద్యోగులు తమ రాష్ట్ర నిబంధనలు చూసుకొని, ముందు ఆ సెలవు అడిగి, కాదన్నప్పుడే రాజీనామా మాట తలపెట్టవలె.

ఇక ఉసూర్ సోదరి సంగతి. కాంట్రాక్టులో ఒక నెల నోటీసు అని ఉన్నదనుకుందాం. ఆమె ఆగస్టు 1న లేఖ వ్రాసి, ఆగస్టు 31న వెళ్తానంటే సరిపోతుందా? సరిపోదు. నోటీసు లెక్కకు కాగితంపై వేసిన తేదీ కాదు, నియామక ఉత్తర్వు ఇచ్చిన అధికారికి అది అందిన తేదీ ముఖ్యం. వానకాలంలో వాగులు పొంగినప్పుడు ఉసూర్ నుండి బీజాపూర్‌కు కాగితం వెళ్లటమే ఒక ప్రయాణం. లేఖ 6వ తేదీన చేరిందనుకోండి, నెల సెప్టెంబరు 5తో నిండుతుంది. ఆగస్టు 31న వెళ్తే అయిదు రోజులు తక్కువ. ఆ అయిదు రోజుల జీతం వదులుకోవలసి రావచ్చు, ఆ పేరున అనుభవ పత్రం కూడా నిలిచిపోవచ్చు. బి.ఎస్సీ. తరువాత ఎమ్.ఎస్సీ.లో చేరాలంటే ఒక ఏడాది పని అనుభవం చూపవలసినదే గనుక, ఆ పత్రం ఆమెకు ప్రాణం వంటిది. అందుచేత ఆమె సెప్టెంబరు 30వ తేదీని ఎన్నుకున్నది. లేఖ ఇలా ఉన్నది. అసలు లేఖ హిందీలో ఇవ్వవలసినది. భావం తెలుగులో చెబుతున్నాం.

"అయ్యా,
ఈ ఆసుపత్రిలో నేను నాలుగు సంవత్సరాలుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నాకు ఎమ్.ఎస్సీ. నర్సింగ్ కోర్సులో సీటు లభించినది. కాబట్టి నా పదవికి రాజీనామా చేస్తున్నాను. ఇది సెప్టెంబరు 30వ తేదీ సాయంత్రం డ్యూటీ ముగిసిన తరువాత అమలు కావలెనని కోరుతున్నాను. ఒప్పందంలోని నెల గడువుకు మించి, నా స్థానంలో వచ్చేవారికి పని అప్పగించే నిమిత్తం ఈ వ్యవధి ఇస్తున్నాను. అంతవరకు నా షిఫ్టులన్నీ యథాప్రకారం చేస్తాను. బాధ్యతలు ఎవరికి అప్పగించవలెనో తెలుపవలసినదిగాను, విడుదల ఉత్తర్వు, అనుభవ పత్రం ఇప్పించవలసినదిగాను మనవి. ఇక్కడ నాకు పని నేర్పినవారందరికీ కృతజ్ఞురాలిని."

ఈ లేఖలో లేని మాటలను కూడా గమనించండి. "వీలైనంత త్వరలో ఆమోదించండి" అన్న మాట లేదు. అలా వ్రాస్తే మరునాడే విడుదల చేసి, రెండు నెలల జీతం పోగొట్టే వీలు మనమే ఇచ్చినట్లు. "స్వంత కారణాల వల్ల" అనీ లేదు. చదువుకు వెళ్తున్నట్లు కాగితంపై ఉంటే రేపు తిరిగి వచ్చినప్పుడు ఎవరూ శంకించరు. ఫిర్యాదులూ లేవు. ఉంటే వాటిని వేరే కాగితంపై, వేరే రోజున ఇవ్వవచ్చు. లేఖను రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై ఇన్‌వర్డు నంబరు, తేదీ, ముద్ర వేయించుకొని దాచుకోవలె.

ముందు తేదీ వేయటంలో మరొక రక్షణ ఉన్నది. సీటు రద్దయితే ఏమి గతి? 1977లో అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఆగస్టు 1 నుండి అమలయ్యేటట్లు మే 7న రాజీనామా వ్రాసి, జులై 15న దానిని ఉపసంహరించుకున్నారు. అమలు తేదీ రాకముందే వెనక్కు తీసుకొనవచ్చునని 1978లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సాధారణ ఉద్యోగులకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. అయితే దీనికి హద్దు లేకపోలేదు. 2019లో ఒక పైలట్ కేసులో, నోటీసు గడువును ప్రజల సౌకర్యం కోసం నిబంధన ద్వారా నిర్ణయించినప్పుడు ఉపసంహరణ హక్కుగా రాదని అదే కోర్టు చెప్పింది. కాబట్టి సీటు పక్కా అయిన తరువాతనే లేఖ ఇవ్వటం మంచిది.

ఇక ఆ రెండు నెలలు దేనికి? అప్పగింత అంటే బీరువా తాళాలు, కత్తెరల లెక్క మాత్రమే కాదు. వస్తువులకు ఒక జాబితా: ప్రసూతి గది మందులు, వాటి గడువు తేదీలు, టీకాల ఫ్రిజ్ 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉన్నట్లు చూపే రోజువారీ పట్టిక. మనుషులకు మరొక జాబితా, విలువైనది ఇదే. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు మింగవలె. సెప్టెంబరు 17న మొదలుపెట్టిన రోగికి 30వ తేదీతో పూర్తవుతుంది. 18న గాని ఆ తరువాత గాని మొదలుపెట్టినవారికి ఆమె వెళ్లిన తరువాత కూడా మాత్రలు మిగిలి ఉంటాయి. వారి పేరు, ఊరు, ఎన్నవ రోజు అన్నది వ్రాసి ఇవ్వకపోతే సగంలో మానివేస్తారు, జ్వరం తిరగబెడుతుంది. అక్టోబరులో కాన్పు కావలసిన గర్భిణులలో రక్తహీనత, రక్తపోటు ఉన్నవారిని కూడా అట్లే వ్రాయవలె.

ఆ ప్రాంతంలో దోర్లా, గోండి, తెలుగు మాట్లాడేవారున్నారు. కొత్తగా వచ్చే నర్సుకు హిందీ మాత్రమే రావచ్చు. ఏ ఊరి మితానిన్ ఎవరు, ఎవరి ద్వారా కబురంపితే గర్భిణి కదలి వస్తుంది అన్నది రిజిస్టరులో ఉండదు. కనీసం వారం రోజులు ఇద్దరూ ఒకే షిఫ్టులో పనిచేస్తేనే అది చేతులు మారుతుంది. అప్పగింత పత్రంపై ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోవలె. మూడు నెలల తరువాత ఒక పరికరం కనిపించటం లేదని ఉత్తరం వస్తే ఆ కాగితమే సమాధానం.

చివరి రోజున విడుదల ఉత్తర్వు, బకాయిలు లేవన్న పత్రం, అనుభవ పత్రం చేతికి తీసుకొని గాని కదలరాదు. అనుభవ పత్రంలో చేరిన తేదీ, విడిన తేదీ, హోదా సరిగా ఉన్నవో లేవో అక్కడికక్కడే చదివి చూసుకోవలె. బస్సెక్కిన తరువాత తప్పు కనబడితే, దానిని దిద్దించుకొనటానికి మళ్లీ ఆ వాగులన్నీ దాటి రావలసి ఉంటుంది.