నిలువు తెరలో థింసా: వరస చివరి పెద్దమ్మ తెగిపోకుండా
(ప్రసంగ పాఠం)

 

పండగలకూ, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికీ మన ఆటపాటలను మీరు ఫోన్‌లో తీస్తున్నారు. అందరూ పడాలని ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటారు. అది మంచి అలవాటే. తర్వాత అదే వీడియోను రీల్స్‌కో, షార్ట్స్‌కో, వాట్సాప్ స్టేటస్‌కో పెట్టాలంటే నిలువుగా మార్చాలి. ఫేస్‌బుక్ పోస్టుకు చదరంగా అడుగుతారు. ఈ మార్పులో ఎవరు మిగులుతారు, ఎవరు పోతారు అన్నదే ఈ రోజు మేము చెప్పదలచుకున్నది. మా హాస్టల్ ఆవరణలో తీసిన ఒక థింసా వీడియోను ముందు పెట్టుకుని చెబుతాం.

ఆ వీడియోలో పద్నాలుగుమంది ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలిపి వరసగా నిలబడ్డారు. కుడి చివర చేతిలో నెమలీకల కట్టతో పెద్దమ్మ ఉంది. మా పిల్లలకు అడుగులు నేర్పింది ఆవిడే. ఆట తిప్పేదీ ఆవిడే. ఎడమ చివర డప్పు, తుడుము, మోరి వాయించే తాతలు ఉన్నారు. ఫోన్ స్టాండు మీద కదలకుండా ఉంది. వీడియో కొలత 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు. అంటే 16:9.

ఎడిటింగ్ యాప్‌లో 9:16 ఎంచుకుని తెర నిండేలా పెద్దది చేస్తే, మనం వేరేగా చెప్పకపోతే బొమ్మ నడిమి భాగమే మిగులుతుంది. లెక్క చూడండి. ఎత్తు 1080 అలాగే ఉండాలంటే, దాన్ని తొమ్మిదితో గుణించి పదహారుతో భాగించాలి. వచ్చేది సుమారు 608. మొత్తం 1920లో 608 అంటే మూడో వంతు కూడా కాదు. పద్నాలుగుమందిలో నడిమి నలుగురైదుగురు ఉంటారు. కుడి చివర పెద్దమ్మ లేదు, ఎడమ చివర తాతలు లేరు. డప్పు మోగుతూనే ఉంటుంది, వాయించేవాళ్లు కనిపించరు. అడుగు మారుతూనే ఉంటుంది, మార్చిన మనిషి కనిపించదు. చూసేవాళ్లకు అది ఏదో ఐదుగురు అమ్మాయిల డాన్సు, అంతే. చదరంలో నష్టం తక్కువ, సగానికి పైగా మిగులుతుంది. కానీ చివర్లు అక్కడా పోతాయి.

అందుకే యాప్ తెరిచే ముందు మేము ఒక అట్టముక్క తీసుకుంటాం. కంప్యూటర్ తెర మీద వీడియో 32 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా పెడితే, అట్టలో 10 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తున కిటికీ కోయాలి. నిలువు వీడియోలో మిగిలేది దాదాపు ఆ కిటికీలో కనిపించేదే. చదరానికి 18కి 18 కిటికీ. వీడియో ఆడుతుంటే అట్టను తెర మీద అటూ ఇటూ జరుపుతూ పిల్లలు ఒక కాగితం మీద రాస్తారు: ఏ సెకనులో ముఖ్యమైనది ఏది, అది ఎక్కడ ఉంది, కిటికీలో పడుతోందా లేదా. ఈ కాగితం పని అయ్యాక యాప్‌లో చేసేది కొంచెమే.

మేము ఆ వీడియోలోంచి 45 సెకన్లు ఏకధాటిగా తీసుకున్నాం. ముక్కలు ముక్కలుగా ఏరి అతికిస్తే డప్పు దెబ్బ తప్పుతుంది, అడుగు తాళంతో కలవదు. ధ్వనిని ఎక్కడా కోయకుండా, దాని మీద బొమ్మ కిటికీని మాత్రమే మార్చాం. కాగితం మీద ఆ 45 సెకన్లు మూడు భాగాలుగా తేలాయి.

మొదటి పదిహేను సెకన్లు వరస. ఇక్కడ ముఖ్యమైనది ఒక మనిషి కాదు, కలిసిన చేతుల గొలుసు. అది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది కాబట్టి కిటికీ ఎక్కడ పెట్టినా తెగుతుంది. అట్ట చెప్పిన మాట ఇదే: ఇక్కడ క్రాప్ వద్దు. అందుకని అడ్డం బొమ్మను మొత్తంగా 1080 వెడల్పుకు తగ్గించి పెట్టాం. అప్పుడు దాని ఎత్తు 608 అవుతుంది. నిలువు తెర ఎత్తు 1920 కాబట్టి కింద చాలా చోటు మిగులుతుంది. ఆ చోటును మసక బొమ్మతో నింపడం చాలామంది చేసే పని. మేము అక్కడ అదే వీడియోను ఇంకోసారి పెట్టి, తాతలు ఉన్న ఎడమ భాగాన్ని మాత్రం చూపించాం. అసలు బొమ్మలో 960 వెడల్పు, 540 ఎత్తు ముక్క తీసుకుంటే అది కాస్త పెరిగి 1080కి 608 అవుతుంది. అంత కొద్ది పెరుగుదలకు బొమ్మ చెడదు. పైన వరస, కింద వాయిద్యం, రెండూ ఒకే క్షణానివి కాబట్టి దెబ్బకూ అడుగుకూ తేడా రాదు. పై పొర ధ్వనిని మాత్రం ఆపేయాలి, లేకపోతే డప్పు రెండుసార్లు మోగినట్టు వినిపించవచ్చు.

రెండో భాగం పన్నెండు సెకన్లు. పెద్దమ్మ వరసను పాములా ముందుకు తిప్పి, కుడి నుంచి ఎడమకు నడిపిస్తుంది. ఇప్పుడు చూపు ఆవిడ మీదే ఉండాలి కాబట్టి ఇక్కడ నిలువు కిటికీ సరిపోతుంది. కానీ అది ఆవిడతో పాటు జరగాలి. దానికి కీఫ్రేమ్‌లు వాడాలి. వీఎన్, కైన్‌మాస్టర్ లాంటి ఫోన్ యాప్‌లలో కూడా ఇవి ఉన్నాయి. ఈ సెకనులో బొమ్మ ఇక్కడ ఉండాలి అని ఒక గుర్తు, ఆ సెకనులో అక్కడ ఉండాలి అని ఇంకో గుర్తు పెడితే, మధ్యలో యాప్ మెల్లగా జరుపుతుంది. మేము మూడు గుర్తులే పెట్టాం: ఆవిడ కదలడానికి అర సెకను ముందు ఒకటి, నడుమ తిరిగే చోట ఒకటి, ఆగిన చోట ఒకటి.

అడుగడుక్కీ గుర్తు పెడితే బొమ్మ వణుకుతుంది. దాన్ని కనిపెట్టడానికి ఆటను చూడకండి, వెనకున్న స్తంభాన్నో చెట్టునో చూడండి. అది నిదానంగా జరిగిపోతుంటే సరే. ఎగిరెగిరి పడుతుంటే గుర్తులు ఎక్కువైనట్టు, కొన్ని తీసేయండి.

ఇంకో సంగతి. నడిచే మనిషి ముందు ఖాళీ వదలాలని వీడియో నేర్పేవాళ్లు చెబుతారు. మామూలుగా అది నిజమే. థింసాలో ముందు ఖాళీ కంటే వెనక గొలుసు ముఖ్యం. పెద్దమ్మను కిటికీలో ఎడమ నుంచి మూడో వంతు దగ్గర ఉంచి, ఆవిడ వెనక చేయి కలిపిన ఇద్దరు ముగ్గురు కనిపించేలా పెట్టాం. ఇంకా ఎడమకు జరిపితే ఆవిడ తెర అంచుకు గుద్దుకున్నట్టు ఉంటుంది.

మూడో భాగం పద్దెనిమిది సెకన్లు. వరస గుండ్రంగా ముడుచుకుంటుంది. ఆ గుండ్రం అసలు బొమ్మలో సగం వెడల్పే పట్టింది కాబట్టి 1080కి 1080 చదరంలో అందరూ ఇమిడారు. పెంచే పని లేదు, తగ్గించే పని లేదు. ఆ చదరాన్ని నిలువు తెరలో పైన 300, కింద 540 వదిలి పెట్టాం. పైన వదిలిన చోట ఆట పేరు, ఊరి పేరు రాశాం.

కింద ఎందుకు ఎక్కువ వదిలామంటే, రీల్స్‌లో అడుగు భాగం మీద పేరు, రాత పడతాయి. కుడి పక్కన లైకు, షేరు గుర్తులు ఉంటాయి. తెర కింది నాలుగో వంతులో ముఖం గానీ పాదాలు గానీ అక్షరాలు గానీ ఉంచకండి. అసలు వీడియో మీదే అడుగున అడ్డంగా రాత అతికించి ఉంటే నిలువులో అక్షరాలు సగానికి తెగుతాయి. రాత లేని అసలు వీడియోనే తీసుకుని, కొత్త కొలతకు రెండు చిన్న వరసల్లో మళ్లీ రాయండి.

చదరం వీడియో వేరుగా చేయాలి. నిలువుదాన్ని మళ్లీ కోస్తే రెండుసార్లు నష్టం. వరస భాగానికి అసలు బొమ్మలో తలల పైన ఉన్న ఆకాశం 240 పిక్సెళ్లు తీసేశాం. మిగిలింది 1080 వెడల్పుకు తగ్గితే ఎత్తు సుమారు 472 అయింది. దాని కింద తాతల ముక్క 608. రెండూ కలిపితే 1080, చదరం నిండిపోయింది. పెద్దమ్మ నడకకు చదరం కిటికీ వెడల్పు కాబట్టి రెండు గుర్తులు చాలాయి. గుండ్రానిది ఉన్నది ఉన్నట్టే.

ఈ పనికి ఒక హద్దు ఉంది. కాళ్ల గజ్జెలు దగ్గరగా చూపిద్దామని పిల్లలు అడిగారు. ఆ పాదాల చోటు అసలు బొమ్మలో 340 పిక్సెళ్ల వెడల్పు కూడా లేదు. దాన్ని 1080కి సాగదీస్తే మూడు రెట్లు దాటుతుంది, గజ్జె మువ్వలు ముద్దగా అయిపోతాయి. నిలువు కిటికీని తెర నిండా పెంచినప్పుడే దాదాపు 1.8 రెట్లు సాగుతుంది. ఫోన్‌లో అది చల్లుతుంది. రెండు రెట్లు దాటితే మేము ఆపేస్తాం. వీడియో 4కేలో తీసి ఉంటే నిలువు కిటికీకే 1215 పిక్సెళ్లు దొరుకుతాయి, సాగదీసే పనే ఉండదు. ఫోన్‌లో చోటు ఉంటే ఆ సెట్టింగ్ పెట్టండి. లేదా రెండో ఫోన్‌తో గజ్జెలను నిలువుగా విడిగా తీయండి.

కోయకుండా తెర నింపాలని బొమ్మను నిలువుగా లాగేవాళ్లు కూడా ఉన్నారు. దాన్ని పట్టుకోవడం సులువు. డప్పును చూడండి. వాయించేవాళ్లు దాన్ని మనకు ఎదురుగా పట్టుకున్నప్పుడు గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా కనిపిస్తే మనుషులు కూడా సాగినట్టే.

చివరగా ఆడపిల్లల హాస్టల్ చూసుకునేవాళ్లుగా ఒక మాట. అడ్డం వీడియోలో పద్నాలుగుమందిలో ఒకరైన పాప, నిలువు కిటికీలోకి వచ్చేసరికి తెరంతా తనే అవుతుంది. వరసలో ఆడటానికి ఒప్పుకుంది కాబట్టి దీనికీ ఒప్పుకున్నట్టు కాదు. కిటికీని ఒక్క మనిషి మీద పెట్టాలంటే ఆ మనిషినీ, చిన్నపిల్లయితే ఇంట్లోవాళ్లనూ అడిగి పెట్టండి. మేము పెద్దమ్మను అడిగాం. ఆవిడ ఫోన్‌లో చూసుకుని, "నా వెనక పిల్లల చేతులు కనిపిస్తున్నాయి కదా, పెట్టండి" అంది.